ఏడు వారాలకు ఏడు జంట పాదాలు: పసిపిల్లల కోసం ప్రాస కథ అల్లే పద్ధతి

మా మనవరాలికి రెండున్నరేళ్ళు ఉన్నప్పుడు, ఒక ఆదివారం సాయంత్రం గేటు ఊచలు పట్టుకొని నిలబడి, "తాతా, ఆదివారం రాలేదు" అంది. కొడుకూ కోడలూ హైదరాబాద్‌లో పనిచేస్తారు, పిల్ల నల్లగొండలో మా దగ్గర పెరుగుతోంది. ప్రతి ఆదివారం ఉదయం వాళ్ళమ్మ బస్టాండు నుంచి ఆటోలో ఇంటికి వస్తుంది. అంతకు ముందు నెలలో నేను వారాల పేర్లు నేర్పే కథ ఒకటి కట్టి, అందులో "ఆదివారం ఆటో ఆగె, అమ్మ చంకన చిన్ని ఊగె" అని రాసుకొని మురిసిపోయాను. ఆ ఆదివారం కోడలికి డ్యూటీ పడింది. పిల్ల దృష్టిలో రానిది అమ్మ కాదు, ఆదివారమే.

వారం పేరును ఒక పనికి ముడివేస్తే పసిబిడ్డ ఆ ముడిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో నాకు ఆ రోజు తెలిసింది. ఆ పాదాలు కొట్టేసి కథను మళ్ళీ అల్లాను. రెండు నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లల కోసం ఇలాంటి కథ మీ ఇంట్లో, మీ ఊరి వారాలతో అల్లుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ తప్పుతుందో చెబుతాను.

ముందు మారనిది, తర్వాత మారేది

దినచర్యతో వారాలు నేర్పాలి అనుకోగానే చాలామందికి వచ్చే ఆలోచన: సోమవారం పళ్ళు తోమడం, మంగళవారం స్నానం, బుధవారం అన్నం తినడం. చదవడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ బుధవారం ఉదయం బ్రష్ చేతికిస్తే పిల్ల "సోమవారం" అని మూతి తిప్పుకుంటుంది. ఆమె తప్పేమీ లేదు, కథ అలాగే చెప్పింది.

అందుకని కథను రెండు ముక్కలుగా చేయాలి. రోజూ జరిగే పనులన్నీ ఒక పల్లవిలో పెట్టాలి. అది ఏడు రోజులూ ఒక్క అక్షరం మారకుండా వస్తుంది. ఆ తర్వాత వచ్చే రెండు పాదాల్లో ఆ వారానికి మాత్రమే చెందిన ఒక్క పని ఉంటుంది. నా పల్లవి ఇది:

నిద్దుర లేచీ పళ్ళూ తోమీ
స్నానం చేసీ బువ్వా తిందీ

నాలుగు పనులు చాలు. ఐదోది చేర్చి చూశాను, పిల్ల మధ్యలోనే దిక్కులు చూసింది. ఈ పల్లవి చదివితే అందులో కొత్తగా తెలిసేది ఏమీ లేదు. అలాగే ఉండాలి. తెలిసిన నేల మీద నిలబడి పిల్ల తెలియని మాట కోసం చెయ్యి చాస్తుంది.

వారం పేరు పాదం చివర పెట్టవద్దు

ప్రాస అనగానే పాదాల చివర్లు కలపడం మొదలుపెడతాం. ఇక్కడ అది కుదరదు, ఎందుకంటే ఏడు పేర్లూ "వారం"తోనే ముగుస్తాయి. చివర పెడితే ప్రాస దానంతట అదే పడుతుంది, కానీ చెవికి మిగిలేది "వారం వారం వారం" మాత్రమే. సోమకూ మంగళకూ తేడా చెప్పే భాగం ముందే ఉంది కదా. కాబట్టి పేరు పాదానికి మొదట రావాలి, దాని వెంటనే అదే అక్షరంతో మొదలయ్యే పని రావాలి. సోమ అనగానే సోకు, మంగళ అనగానే మంచినీళ్ళు, గురు అనగానే గుడాలు. మన పద్యాల్లో యతి చేసే పని ఇదే, మొదటి అక్షరం పాదం నడుమ మళ్ళీ పలుకుతుంది. పెద్దలకు అది అలంకారం, పసివాళ్ళకు పట్టుకొని ఎక్కే నిచ్చెన. చివరి ప్రాసను రెండో పాదంతో జతచేస్తే కథ ముందుకు సాగుతుంది.

ఇక తూకం. ఏడు పేర్లూ ఒకే పొడవు కావు. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికీ, సున్న ఉన్న అక్షరానికీ, ఒత్తక్షరానికి ముందున్న అక్షరానికీ రెండేసి మాత్రలు అని లెక్కవేస్తే, "వారం" అన్నింటిలో నాలుగు మాత్రలే. ముందు భాగంలోనే తేడా అంతా. మంగళ ఒక్కటే నిండుగా నాలుగు. సోమ, శుక్ర, ఆది మూడేసి. బుధ, గురు, శని రెండేసి. రెండున్న చోట పాట కుంటుతుంది, తల్లులు తొందరగా దాటేస్తారు, పిల్లలు ఆ పేర్లనే మింగేస్తారు. మందు తేలిక. తొడ మీద ఒక చరుపు, చేతులతో ఒక చప్పట్టు, ప్రతి పేరుకూ రెండే దెబ్బలు. చరుపు మీద ముందు భాగం, చప్పట్టు మీద "వారం". సోమా–వారం, మంగళ–వారం, బుధాఆ–వారం. పొట్టి పేరును దెబ్బ నిండే దాకా సాగదీయండి. మిగతా మాటలను కూడా నాలుగేసి మాత్రల ముక్కలుగా ఎంచుకుంటే పాదానికి నాలుగు దెబ్బలు పడతాయి. కాగితం మీద లెక్కవేయడం చేతకాకపోతే చప్పట్లు కొడుతూ చదవండి. దెబ్బకు ముందే మాట అయిపోయినా, దెబ్బ దాటి మాట మిగిలినా చేతికే తెలుస్తుంది.

పనులు ఎంచుకోవడం

ఇక్కడ తొందరపడితే కథ అంతా పోతుంది. ప్రతి పనికీ నేను మూడు ప్రశ్నలు వేసుకున్నాను. ఆ వారం అది నిజంగా జరుగుతుందా? మిగతా ఆరు రోజులూ జరగకుండా ఉంటుందా? అది జరగడం నా చేతిలో ఉందా? ఆటో మూడో ప్రశ్న దగ్గర పడిపోయింది.

గురువారానికి మొదట "గుండ్రని గుడ్డు" రాశాను. గుడ్డును చూపించవచ్చు, మాట కూడా పెదవులకు తేలిక. ఇంకేం కావాలి అనుకున్నాను. మా కోడలు గురువారం నీచు ముట్టదు. మన ఇళ్ళల్లో సోమవారం ముట్టనివారు ఉంటారు, శనివారం ముట్టనివారు ఉంటారు. గుడ్డు, కోడి, చేప ఏవైనా సరే, ఒక వారానికి కట్టే ముందు ఇంట్లో అడగాలి. అంగన్‌వాడీలో చెప్పేవాళ్ళయితే ఇంకా జాగ్రత్త, అక్కడ ఇరవై ఇళ్ళ పిల్లలు ఉంటారు. గుడ్డు తీసేసి గుడాలు పెట్టాను. కోస్తా వాళ్ళు గుగ్గిళ్ళు అంటారు, మనకు గుడాలు. తూకానికి కూడా గుడాలే నయం, సరిగ్గా నాలుగు మాత్రలు, గుగ్గిళ్ళయితే ఒకటి ఎక్కువ.

శుక్రవారం అనగానే పూజ గుర్తొస్తుంది. కానీ మా వీధిలో శుక్రవారం జుమ్మా నమాజుకు వెళ్ళే ఇళ్ళూ ఉన్నాయి, ఆ పిల్లలూ మా అరుగు మీదే ఆడతారు. ఇల్లు శుభ్రం చేసుకోవడం అందరికీ సరిపోతుంది. పైగా శుక్ర, శుభ్ర అన్న రెండు మాటలకూ రెండో అక్షరం కింద అదే ర-వత్తు. ఇలాంటి జోడీ వెతికితే దొరకదు.

శనివారానికి అంగడి. పెబ్బేరులో అంగడి శనివారం కాబట్టి అక్కడి వాళ్ళకు ఇది అలాగే పనికొస్తుంది. దేవరకద్రలో బుధవారం. అక్కడి పిల్లకు శనివారం అంగడి అని పాడితే ఊరు ఒకటి, పాట ఒకటి అవుతుంది. మీ ఊరి అంగడి ఏ వారమో ఆ వారంలోనే పెట్టాలి. ఎలా మార్చాలో కింద చేసి చూపిస్తాను.

పక్కపక్కనే ఉండి తికమక పెట్టే పేర్లను కూడా గమనించండి. బుధ, గురు రెండూ పొట్టివే, రెండింటికీ మొదట ఉకారమే. శుక్ర, శని రెండూ శకారంతో మొదలు. పిల్లలు కలిపేసేది ఈ రెండు జతలనే. అందుకే వాటి పనులు ఒకదానికొకటి దూరంగా ఉండాలి. ఒకటి వాకిట్లో సబ్బు బుడగలతో తడిసే పని, మరొకటి కూర్చొని తినే పని. ఒకటి ఇంట్లో, మరొకటి అంగట్లో.

కథ

చిన్ని అనే పాప, అవ్వ, ఒక వారం. ఆదివారం ఇంట్లో అందరూ విస్తర్లలో తింటారు, పాప దాని కోసం ఎదురుచూస్తుంది. కథ అంటే ఇంతే. ఎదురుచూపు లేకపోతే రోజుల వరుసకు అర్థం ఉండదు. ఏది ముందు ఏది వెనుక అని పిల్ల ఎందుకు పట్టించుకోవాలి? ప్రతి జంటకు ముందు పల్లవి వస్తుంది, ఇక్కడ మొదట ఒక్కసారే రాస్తున్నాను.

నిద్దుర లేచీ పళ్ళూ తోమీ
స్నానం చేసీ బువ్వా తిందీ

సోమవారం సోకుగ బడికి
ఆడి పాడి అవ్వ ఒడికి

మంగళవారం మంచినీళ్ళు
చెంబు నింపగ తడిసె కాళ్ళు

బుధవారం బుడగల వేట
ఉఫ్ఫని ఊది పట్టే ఆట

గురువారం గుప్పెడు గుడాలు
పక్కన గ్లాసెడు వెచ్చని పాలు

శుక్రవారం శుభ్రం ఇల్లు
వాకిట చల్లిన నీళ్ళే జల్లు

శనివారం శనగల సంచి
అవ్వ తెచ్చె అంగడి నుంచి

ఆదివారం ఆకున బువ్వ
కొసరి కొసరి పెట్టె అవ్వ

పాడేటప్పుడు చివరి అక్షరాలు సాగుతాయి, ఆడీ పాడీ, కొసరీ కొసరీ అని. రాతలో సాగదీయకపోయినా నోరు తనే సాగదీస్తుంది.

ఇందులో బలహీనమైన జంట మొదటిదే. బడికి సోమవారం ఒక్కటే పోదు కదా. అందుకని సోమవారం మాత్రమే కొత్త గౌను, పౌడరు, పెద్ద బొట్టు అని ఇంట్లో కట్టడి చేశాం. అంటే కథను ఇంటికి తగ్గట్టు మార్చలేని చోట ఇంటినే కథకు తగ్గట్టు మార్చాం. మంగళవారమూ అంతే. నల్లా రోజూ వస్తుంది, కానీ ఇత్తడి చెంబు పాప చేతికి ఇచ్చేది మంగళవారమే. ఫ్లోరైడ్ నీళ్ళతో కాళ్ళూ చేతులూ వంకర్లు పోయిన మనుషులను చూసిన జిల్లా మాది. మంచినీళ్ళు అన్న మాటను పాటలో పెట్టడం నాకు ఇష్టమైంది, అది నా సొంత ముచ్చట.

గుడాలూ శనగలూ పాటలో ఎంత ఉన్నా, ఐదేళ్ళ లోపు పిల్ల చేతికి గట్టి గింజలు ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. మెత్తగా ఉడికించి వేళ్ళతో నలిపి పెట్టాలి. అంగడి సంచి ముట్టుకొని చూడటానికి మాత్రమే.

దేవరకద్ర పాప కోసం మార్చితే

అంగడిని బుధవారానికి జరపాలి. ఆ మార్కెట్టుకు ఉల్లిగడ్డ పేరు, కాబట్టి "బు"తో ఉల్లిని జతచేసే మాట వెతికితే బుట్ట దొరికింది.

బుధవారం బుట్టెడు ఉల్లి
అంగడి నుంచి తెచ్చెను తల్లి

బుడగలు పోయాయి. శనివారం ఖాళీ అయింది. శనగలను వదలకుండా అంగడిని మాత్రం తీసేయాలి.

శనివారం శనగల చేను
గట్టున చిన్ని, పక్కన నేను

పాడటానికి బాగుంది, తూకమూ సరిపోయింది. కానీ శనగ యాసంగి పంట. చేను కోశాక ఎండాకాలంలో ఈ పాదం అబద్ధమవుతుంది. ఊళ్ళో పొలం ఉన్నవాళ్ళు ఆ నాలుగు నెలలు వాడుకొని తర్వాత మార్చుకోవచ్చు. కానీ మధ్యలో మార్చిన పాటను పిల్ల ఒప్పుకోదు, పాతదే కావాలని ఏడుస్తుంది. ఏడాది పొడవునా జరిగే పని దొరికే దాకా వెతకడమే మంచిది.

ఇంట్లో ఇద్దరు రెండు పేర్లు అంటే

మా ఇంట్లో గొడవ ఇది. నేను గురువారం అంటాను, మా ఆవిడ బేస్తవారం అంటుంది. నేను ఆదివారం అంటే ఆమె ఐతారం అంటుంది. బృహస్పతివారమే నోట్లో నలిగి బేస్తవారమైంది, ఆదిత్యవారమే ఐతారమైంది. రెండూ మంచి మాటలే, మా అమ్మ నోటి నుంచి నేను విన్నవీ అవే. అయితే మొదటి రెండు నెలలు పాటలో ఒక్క పేరే ఉండాలి. గోడ మీది క్యాలెండరూ అంగన్‌వాడీ టీచరూ అనే పేరే పాటకు తీసుకున్నాం. పాప పాట మొత్తం పాడటం మొదలుపెట్టాక, అవ్వ గురువారం నాడు "మా ఊళ్ళో దీన్ని బేస్తవారం అంటారు" అని పక్కన చెప్పేది. పాపకు అది రహస్యం పేరు అయింది. ముందే రెండూ చెప్పిన ఇంట్లో పిల్లకు వారానికి ఎనిమిదో తొమ్మిదో రోజులు అవుతాయి.

చెప్పే పద్ధతి

మొదటి వారం మొత్తం కథ చెప్పకండి. సోమవారం నాడు పల్లవి, సోమవారం జంట, అంతే. మంగళవారం పల్లవి, మంగళవారం జంట. రోజుకు నాలుగు పాదాలు, ఉదయం బువ్వ అయ్యాక ఒకసారి, ఆ పని చేసేటప్పుడు ఒకసారి. చెంబు చేతిలో ఉన్నప్పుడు "మంచినీళ్ళు" వినిపించాలి, పడక మీద కాదు. ఏడూ కలిపి పాడేది ఆదివారం విస్తరి ముందు. సోమవారంతో మొదలుపెట్టి ఆదివారంతో ముగించడానికి కారణం కూడా ఇదే. క్యాలెండరులో ఆదివారం మొదట ఉంటుంది, కానీ ఎదురుచూసేది చివర ఉంటేనే కథ.

కిటికీ ఊచలకు అడ్డంగా ఒక తాడు కట్టి ఏడు ప్లాస్టిక్ గాజులు ఎక్కించాం. ఆరు ఎర్రవి, ఒకటి పచ్చది. రోజూ రాత్రి పడుకునే ముందు పాప ఒక గాజును అటు వైపు జరుపుతుంది. పచ్చ గాజు ఒక్కటే మిగిలితే మర్నాడు ఆకులో బువ్వ. అంకెలు రాని వయసులో కూడా "ఇంకా చాలా ఉన్నాయి", "కొన్నే ఉన్నాయి" అన్నది కంటికి తెలుస్తుంది. మొదట చింతగింజలు అనుకున్నాను, అవి నేరుగా నోట్లోకే పోతాయని మా ఆవిడ మందలించింది.

నేర్చుకుందో లేదో చూడటానికి "ఇవాళ ఏ వారం?" అని అడగకండి. పిల్లలు మొహమాటానికి ఏదో ఒకటి చెబుతారు, చుట్టాల ముందు అయితే చెప్పనే చెప్పరు. పాడుతూ చివరి మాట దగ్గర ఆగండి: "శనివారం శనగల..." పాప "సంచీ" అంటే చెవి పట్టుకుంది. కొన్ని వారాలకు ఇంకా ముందే ఆగండి: "శనివారం..." "శనగల" అని అందుకుంటే పేరూ పనీ ముడిపడ్డాయి. ఆ తర్వాత పాట లేకుండా ఖాళీ సంచి చూపించండి. "శని" అంటే పేరు పాట నుంచి విడిపడి ఆమె సొంతమైంది. ఈ మూడో మెట్టు మా పాపకు మూడేళ్ళు నిండాక గానీ రాలేదు. నిన్న, రేపు అన్న మాటలు అప్పటికీ తారుమారే, వాటిని ఈ పాటలోకి లాగవద్దు.

శ పలకకపోతే, "సుక్కవారం" అంటే దిద్దకండి. మీరు మాత్రం సరిగ్గా పలుకుతూ పోండి.

ఒక చిక్కు మాత్రం దాదాపు అందరికీ వస్తుంది. పిల్ల ఏడూ గడగడా పాడుతుంది, కానీ గురువారం అడిగితే సోమవారం నుంచి మొదలుపెట్టి గాని అక్కడికి రాలేదు. ఏడు పేర్లూ కలిసి ఒకే పొడవాటి మాట అయిపోయాయన్న మాట. దానికి, కొన్నాళ్ళు ఏ రోజు పాడితే ఆ రోజు నుంచే మొదలుపెట్టాలి. గురువారం నాడు "గుప్పెడు గుడాలు"తో ఎత్తుకొని, ఆదివారం "పెట్టె అవ్వ" దగ్గర ఊపిరి తీసుకోకుండా "సోమవారం సోకుగ" అని కలిపి, బుధవారంతో ఆపాలి. మొదట పాప ఒప్పుకోలేదు, "తప్పు తాతా" అని నా నోరు మూసింది. మూడో వారానికి అలవాటు పడింది.

ఆ తర్వాత కూడా కోడలికి ఆదివారం డ్యూటీలు పడ్డాయి. ఆ రోజుల్లో కూడా మోదుగాకు విస్తర్లు వేశాం, అవ్వ కొసరి కొసరి పెట్టింది. తినడం అయ్యాక పాప పచ్చ గాజును చూసి, గేటు వైపు చూసి, "ఆదివారం వచ్చింది. అమ్మ రాలేదు" అంది.